పై మోలార్ ఐఓపీఏలో వేరు కొన తెగుతోందా? ప్యారలెలింగ్, బైసెక్టింగ్ పద్ధతులు వరుసక్రమంలో

బెంగళూరులో ఇంటర్న్‌షిప్ చేస్తున్న మన తెలుగు పిల్లలు, క్లినిక్కుల్లో ఎక్స్‌రే తీసే అసిస్టెంట్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "పై మోలార్ తీస్తే వేరు కొన పడటం లేదు, యాంగిల్ ఎంత పెట్టాలి?" ఆ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. కొన తెగడానికి యాంగిల్ ఒక్కటే కారణం కాదు. కారణం తెలియకుండా యాంగిల్ మారిస్తే రెండో ఫిల్మూ పాడవుతుంది, రోగికి అనవసరంగా ఇంకో డోసు పడుతుంది.

అందుకే ఇక్కడ పై దవడ మొదటి మోలార్ ఒక్కదాన్నే తీసుకుంటున్నాను. నోట్లో ఇబ్బంది పెట్టే పన్ను ఇదే. దీన్ని సరిగ్గా తీయగలిగితే మిగతావి కష్టం కాదు.

## 1. రెండు పద్ధతుల్లో అసలు తేడా

ప్యారలెలింగ్‌లో ఫిల్మ్‌ను పన్ను నిలువు అక్షానికి సమాంతరంగా నిలబెడతాం. కిరణం రెండింటికీ లంబంగా వెళుతుంది. పన్ను పొడవు మారదు, ఆకారం మారదు. హోల్డర్‌కున్న రింగే కోన్ ఎక్కడ పెట్టాలో చూపిస్తుంది కాబట్టి మనం లెక్కలు వేయక్కర్లేదు.

అయితే అంగిలి వంపుగా ఉంటుంది. ఫిల్మ్ నిటారుగా నిలవాలంటే పన్నుకు దూరంగా, అంగిలి మధ్యగీత దగ్గరికి జరపాలి. దూరం పెరిగితే నీడ పెద్దదవుతుంది. ఎక్స్‌రే పుట్టే చోటు ఫిల్మ్‌కు 20 సెం.మీ. దూరంలో, పన్ను ఫిల్మ్‌కు 3 సెం.మీ. దూరంలో ఉంటే బొమ్మ దాదాపు 18 శాతం పెద్దగా పడుతుంది. అదే 40 సెం.మీ. దూరం నుంచి తీస్తే 8 శాతమే. ఈ పద్ధతికి పొడుగు కోన్ కావాలనడం ఇందుకే. దూరం రెట్టింపైతే ఎక్స్‌పోజర్ నాలుగు రెట్లు కావాలన్న సంగతి మాత్రం మర్చిపోవద్దు. కోన్ మార్చి, టైమర్ మార్చకపోతే ఫిల్మ్ వెలవెలబోతుంది.

బైసెక్టింగ్‌లో ఫిల్మ్ పన్నుకు ఆనుకుని, అంగిలి వాలుమీద ఏటవాలుగా పడుకుంటుంది. పన్ను అక్షానికీ ఫిల్మ్‌కూ మధ్య ఒక కోణం ఏర్పడుతుంది. ఆ కోణాన్ని సరిగ్గా సగం చేసే గీతను మనసులో గీసుకుని, దానికి లంబంగా కిరణం పంపాలి. అప్పుడు నీడ పొడవు పన్ను పొడవుకు సమానంగా వస్తుంది. ఆ గీత ఎక్కడా కనిపించదు, ఊహించుకోవాల్సిందే. తప్పులన్నీ ఆ ఊహ దగ్గరే మొదలవుతాయి.

నా నియమం: ముందు ప్యారలెలింగ్. ఫిల్మ్‌కూ పన్ను అక్షానికీ మధ్య తేడా 20 డిగ్రీల లోపు ఉంటే అలాగే తీసేయండి. హోల్డర్‌లో కిరణం ఫిల్మ్‌కు లంబంగానే ఉంటుంది కాబట్టి, 20 డిగ్రీలు వాలినా పన్ను ఆరు శాతమే పొట్టిగా పడుతుంది. అంతకు మించి వాలితేనే బైసెక్టింగ్.

## 2. నోట్లో ఫిల్మ్ పెట్టకముందే చేయాల్సినవి

పై మోలార్ దగ్గర చాలామందికి వాంతి వచ్చినట్టు అవుతుంది. ఫిల్మ్ నోట్లో పెట్టాక టైమర్ సరిచూసుకుంటూ కూర్చుంటే ఆ రోగి రెండోసారి నోరు తెరవరు. అందుకే ఇవన్నీ ముందే కావాలి:

- కళ్లద్దాలు, తీసిపెట్టే పళ్లసెట్టు తీసేయించాలి. లెడ్ ఆప్రాన్, థైరాయిడ్ కాలర్ వేయాలి.
- టైమర్ సెట్ చేసి, ట్యూబ్‌హెడ్‌ను చెంప దగ్గరకు తెచ్చి ఉంచాలి.
- వెనక పళ్ల హోల్డర్ బిగించాలి. ఎక్కువ సెట్లలో దీని రంగు పసుపు. పై ఎడమకూ కింది కుడికీ ఒకే బిగింపు. పై కుడికీ కింది ఎడమకూ దాని తిరగేసిన బిగింపు.
- బిగించాక రింగ్ లోంచి కన్ను పెట్టి చూడాలి. ఫిల్మ్ మొత్తం రింగ్ మధ్యలో కనిపించాలి. ఓ పక్కకు ఒరిగి కనిపిస్తే బిగింపు తప్పు, కోన్ కట్ ఖాయం.
- ఫిల్మ్ మీది చుక్క పన్ను కొరికే వైపుకు ఉండాలి. వేరు కొన వైపుంటే సరిగ్గా కావలసిన చోటే పడుతుంది.
- తల నిటారుగా, ముక్కు రెక్క నుంచి చెవి ముందరి బుడిపె వరకు ఉన్న గీత నేలకు సమాంతరంగా ఉండాలి.

ఈ చివరిది ప్యారలెలింగ్‌లో కొంచెం అటూఇటూ అయినా రింగ్ కాపాడుతుంది. బైసెక్టింగ్‌లో తల పది డిగ్రీలు వెనక్కి వాలితే మీరు పెట్టిన యాంగిల్ కూడా పది డిగ్రీలు తప్పినట్టే.

## 3. ప్యారలెలింగ్: ఏది ముందు, ఏది వెనుక

ఒకటి. రోగిని ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చుకుంటూ ఉండమనండి. హోల్డర్‌ను కొద్దిగా పక్కకు వంచి లోపలికి తీసుకెళ్లి, నోట్లోకి వెళ్లాక నిటారు చేయండి. నాలుక మీద రాసుకుంటూ తీసుకెళితే అక్కడే వాంతి మొదలవుతుంది.

రెండు. ఫిల్మ్‌ను పన్నుకు ఆనించొద్దు. అంగిలి మధ్యగీత దాకా జరపండి. అంగిలి ఎత్తు ఎక్కువగా ఉండేది అక్కడే కాబట్టి ఫిల్మ్ పైఅంచుకు చోటు దొరుకుతుంది. కొత్తవాళ్లు రోగికి నొప్పి పుడుతుందేమోనని ఫిల్మ్‌ను పన్ను పక్కనే పెడతారు. నిజానికి అంగిలి వాలు గుచ్చుకునేది అక్కడే, మధ్యలో కాదు.

మూడు. బైట్ బ్లాక్‌ను ముందు పై పన్నుకు గట్టిగా ఆనించి మీ వేలితో పట్టుకోండి. ఆ తర్వాతే "మెల్లిగా మూయండి" అనాలి. రోగి ముందే మూస్తే బ్లాక్ కింది పళ్ల మీద కూర్చుంటుంది, పై పన్నుకూ బ్లాక్‌కూ మధ్య ఖాళీ ఉండిపోతుంది. ఆ ఖాళీ ఎంతుంటే ఫిల్మ్ అంత కిందికి దిగినట్టు.

నాలుగు. బ్లాక్‌కూ కింది పళ్లకూ మధ్య ఒక కాటన్ రోల్ పెట్టండి. కొరుకు నిలకడగా ఉంటుంది. అంగిలి లోతు తక్కువైతే బ్లాక్‌కు రెండు వైపులా కాటన్ పెట్టి ఫిల్మ్‌ను నిటారు చేసే పద్ధతి ఉంది. కానీ పైవైపు పెట్టిన కాటన్ మందం మేరకు ఫిల్మ్ కిందికి దిగుతుంది. వేరు పొడుగ్గా ఉన్న పన్నుకు అది ఖరీదైన బేరం.

ఐదు. రింగ్‌ను చెంప దాకా జరిపి, కోన్ అంచును రింగ్‌కు చుట్టూ సమానంగా ఆనించండి. ఒక పక్క ఆని, మరో పక్క సందు ఉంటే ఇంకా సరిపోలేదు. దూరంగా వెళ్లి, రోగిని చూస్తూ నొక్కండి.

## 4. బైసెక్టింగ్: యాంగిల్ ఎలా ఎంచుకోవాలి

తల సరిగ్గా ఉన్నప్పుడు పుస్తకాల్లో ఉండే సగటు యాంగిల్ పై మోలార్లకు +20 నుంచి +30 డిగ్రీలు. ప్లస్ అంటే కోన్ పైనుంచి కిందికి చూడటం. ఆ అంకె మొదలు పెట్టడానికే పనికొస్తుంది. అసలు యాంగిల్ మీ ముందున్న అంగిలిని బట్టి మారుతుంది: లోతు తక్కువైన కొద్దీ ఫిల్మ్ ఎక్కువ వాలుతుంది, యాంగిల్ పెరగాలి.

కోన్ మధ్య బిందువు ఎక్కడ ఆనాలి? కంటి బయటి మూల నుంచి కిందికి ఓ గీత దించండి. ముక్కు నుంచి చెవికి వెళ్లే గీతను అది ఎక్కడ కలుస్తుందో అక్కడ.

ఫిల్మ్‌ను రోగి బొటనవేలితో పట్టించే పాత అలవాటు వద్దు. వేలు కిరణం దారిలో పడుతుంది, గట్టిగా నొక్కితే ఫిల్మ్ వంగుతుంది, కాస్త వదిలేస్తే జారుతుంది. కొరికి పట్టుకునే హోల్డర్ దొరక్కపోతే ఆర్టరీ ఫోర్సెప్స్‌తో ఫిల్మ్ అంచు పట్టి కొరికించండి. మీరు మాత్రం ఎప్పుడూ పట్టుకోవద్దు.

యాంగిల్ తప్పితే ఏమవుతుందో ఒక లెక్కలో చూద్దాం. పన్ను పొడవు 21 మి.మీ. అనుకోండి. పన్ను నిటారుగా ఉంది, ఫిల్మ్ దాని నుంచి 40 డిగ్రీలు వాలింది. అందులో సగం 20, కాబట్టి సరైన యాంగిల్ +20. నీడ పొడవులు ఇలా వస్తాయి:

- +20 దగ్గర: 21 మి.మీ. (సరైనది)
- +10 దగ్గర: సుమారు 24 మి.మీ.
- 0 దగ్గర: సుమారు 27 మి.మీ.
- +30 దగ్గర: సుమారు 18.5 మి.మీ.
- +40 దగ్గర: సుమారు 16 మి.మీ.

యాంగిల్ తగ్గితే పన్ను సాగుతుంది, పెరిగితే కుంచించుకుపోతుంది. సాయంత్రం నీడ పొడుగు, మధ్యాహ్నం నీడ పొట్టి. అదే సంగతి.

ఇప్పుడు పెద్దల సైజు 2 ఫిల్మ్ అడ్డంగా పెడితే దాని ఎత్తు 31 మి.మీ. కిరీటం కింద 3 మి.మీ. వదిలితే మిగిలేది 28. యాంగిల్ 0 దగ్గర పన్ను నీడే 27 మి.మీ. తినేసింది. కొన చుట్టూ ఎముక చూడటానికి కనీసం 2, 3 మి.మీ. కావాలి, అది దొరకదు. ఫిల్మ్ సరైన చోటే ఉన్నా కొన అంచు దాకా వెళ్లి, దాని అవతలి ఎముక ఫిల్మ్ దాటిపోయింది. "కొన తెగింది" అన్న ఒకే ఫిర్యాదు వెనుక రెండు వేర్వేరు తప్పులు ఉంటాయని నేననేది ఇందుకే.

## 5. పాడైన ఫిల్మ్‌ను చదవడం

మళ్లీ తీసే ముందు ఫిల్మ్‌ను వెలుగులో పెట్టి ఒక నిమిషం చూడండి. వరుసగా ఈ ప్రశ్నలు వేసుకోండి.

కొన ఫిల్మ్ అంచు దగ్గర ఆగిందా, తెల్లటి ప్రాంతం దగ్గర ఆగిందా? ఫిల్మ్ మీద ఒక భాగం బొమ్మే లేకుండా తెల్లగా ఉండి, దాని అంచు విల్లులా వంగి ఉంటే అది కోన్ కట్. ఆ భాగానికి కిరణం చేరలేదు. కోన్ దీర్ఘచతురస్రాకారమైతే అంచు తిన్నగా ఉంటుంది. మందు: యాంగిల్ ముట్టుకోకుండా, కోన్‌ను తెల్లటి ప్రాంతం ఉన్న వైపుకే జరపండి.

బొమ్మ అంచు దాకా ఉందా? అయితే కిరీటం కింద ఎంత ఖాళీ ఉంది? స్కేలు పెట్టి కొలవండి. 3 మి.మీ. దగ్గర కాకుండా 8, 10 మి.మీ. ఉంటే ఫిల్మ్ కిందికి దిగింది. మందు: ఫిల్మ్‌ను మళ్లీ కూర్చోబెట్టడం. ఖాళీ 3 మి.మీ. ఉండి, కిరీటం కూడా సాగినట్టు ఉంటే తప్పు యాంగిల్‌ది. మందు: ప్లస్ యాంగిల్ పెంచడం.

సాగింది పన్ను మొత్తమా, కొన దగ్గరేనా? యాంగిల్ తప్పు పన్ను మొత్తాన్ని సాగదీస్తుంది. కిరీటం బాగుండి, వేర్లు మాత్రం పైకి పోతూ వంకరగా, పలచగా లాగినట్టు ఉంటే ఫిల్మ్ అంగిలికి తగిలి వంగింది. ఆర్‌వీజీ సెన్సర్‌తో ఈ వంపు రాదు. అది వంగదు కాబట్టి తక్కువ లోతు అంగిలిలో ఇంకా ఎక్కువ వాలుతుంది. ఫిల్మ్ నుంచి సెన్సర్‌కు మారినవాళ్లకు హఠాత్తుగా పొడవులు తేడాగా రావడానికి ఇదొక కారణం.

చెంప ఎముక నీడ వేర్ల మీద పడిందా? ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. కిరణం పైనుంచి కిందికి దిగుతున్నప్పుడు, చెంప వైపు ఉన్నదేదైనా ఫిల్మ్ మీద కిందికి జారి పడుతుంది. చెంప ఎముక జారి వేర్ల మీదికి వస్తుంది. చెంప వైపు రెండు వేర్లూ పొట్టిగా, అంగిలి వైపు వేరు పొడుగ్గా కనిపిస్తుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే ప్లస్ యాంగిల్ మరీ ఎక్కువైందని అర్థం. బైసెక్టింగ్‌లో ఇది కొంతవరకు తప్పదు, ఎందుకంటే మూడు వేర్లూ ఒకే తలంలో లేవు. ఒకదానికి సరిపోయిన గీత ఇంకోదానికి సరిపోదు.

పక్క పళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కాయా? అది అడ్డం యాంగిల్ తప్పు. నిలువు యాంగిల్ జోలికి వెళ్లొద్దు. కోన్‌ను ముందుకో వెనక్కో తిప్పి, కిరణం పళ్ల మధ్య సందుల్లోంచి వెళ్లేలా చూడండి.

బొమ్మ మొత్తం పలచగా ఉండి, టైరు అచ్చులాంటి గీతలున్నాయా? ప్యాకెట్ తిరగేసి పెట్టారు. కుడిఎడమలు కూడా తారుమారయ్యాయి కాబట్టి దాన్ని చూసి రోగ నిర్ధారణ చేయొద్దు.

వీటన్నిటికన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: నాకు కావలసింది ఈ ఫిల్మ్‌లో కనిపిస్తోందా? కిరీటం అంచు కొంచెం తెగినా, అడిగిన వేరు కొన చుట్టూ ఎముక స్పష్టంగా ఉంటే ఆ ఫిల్మ్ చాలు. అందంగా లేదని మళ్లీ తీయొద్దు.

## 6. ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా

మారతహళ్లిలో కొడుకు దగ్గరికి మదనపల్లె నుంచి వచ్చిన పెద్దావిడ, 58 ఏళ్లు. పై ఎడమ మొదటి మోలార్ తడితే నొప్పి. మాకు కావలసింది చెంప వైపు ముందరి వేరు కొన చుట్టూ ఎముక ఎలా ఉందో చూడటం. అంగిలి లోతు చాలా తక్కువ.

మొదటి ఫిల్మ్ మా ఇంటర్న్ హోల్డర్‌తో తీసింది. కొన పడలేదు. "సార్, యాంగిల్ పెంచనా?" అంది. స్కేలు తెచ్చి కొలవమన్నాను. కిరీటం కింద ఖాళీ 10 మి.మీ. ఉంది. 31 మి.మీ.లో 10 పోతే మిగిలింది 21. మేం వాడిన కోన్ దూరానికి పన్ను నీడే 23 మి.మీ. దాకా వస్తుంది. అంటే రెండు మి.మీ. వేరు ఫిల్మ్ పైఅంచు దాటిపోయింది. కిరీటం మాత్రం సాగలేదు, కోన్ కట్ లేదు. తప్పు యాంగిల్‌ది కాదు, ఫిల్మ్ పెట్టిన తీరుది.

ఎందుకు దిగిందో పెద్దావిడే చెప్పారు: "గొంతులోకి పోతా ఉంటే భయమేసి గబాల్న మూసేస్తి నాయనా." బ్లాక్ పై పన్నుకు ఆనకముందే కొరికేశారన్నమాట.

రెండోసారి ఎక్స్‌పోజర్ ఇవ్వకుండా హోల్డర్ మాత్రమే పెట్టి చూశాం. ఫిల్మ్‌ను మధ్యగీతకు జరిపాను, బ్లాక్‌ను పై పన్నుకు వేలితో ఆనించి పట్టుకున్నాను, కింద కాటన్ పెట్టి మెల్లిగా మూయమన్నాను. బ్లాక్ బాగానే కూర్చుంది. కానీ ఫిల్మ్ పైఅంచు అంగిలికి తగిలి, మొత్తం పక్కకు ఒరిగిపోయింది. పక్కనుంచి చూస్తే 30 డిగ్రీలకు తక్కువ లేదు. మన గీత 20. ప్యారలెలింగ్ ఇక్కడితో వదిలేశాం.

హోల్డర్ తీసి, ఆవిడను ఒక నిమిషం విశ్రాంతిగా కూర్చోనిచ్చాం. తర్వాత రింగ్ లేని, కొరికి పట్టుకునే హోల్డర్‌తో ఫిల్మ్‌ను అంగిలి వాలు మీద పెట్టాం. కిరీటం కింద 3 మి.మీ. కనిపించేలా సరిచేశాం. ఫిల్మ్‌కూ పన్నుకూ మధ్య కోణం కంటి అంచనాతో 50 డిగ్రీలు, సగం 25. ట్యూబ్‌హెడ్ పక్కనున్న అంకెల మీద +25 పెట్టి, తల నిలువు మరోసారి చూసి, కోన్‌ను కంటి మూల కింద ఆనించి తీశాం.

ఈసారి ముందరి వేరు కొన, దాని పైన 3 మి.మీ. ఎముక స్పష్టంగా పడ్డాయి. కొన చుట్టూ చిన్న నల్లటి ప్రాంతం ఉంది, మేం వెతుకుతున్నది అదే. అంగిలి వైపు వేరు పొడుగ్గా సాగింది, చెంప ఎముక నీడ వెనక వేరు మీదికి కొంచెం వచ్చింది. ఇంటర్న్ ఇంకోటి తీద్దామా అంది. వద్దన్నాను. అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేసింది.

రెండు విషయాలు మాత్రం ఈ ఫిల్మ్ నుంచి తీసుకోలేదు. ఎముక ఎత్తు చూడటానికి దీన్ని నమ్మలేదు, వాలు యాంగిల్‌లో చిగురు పక్క ఎముక ఉన్నదానికన్నా భిన్నంగా కనిపిస్తుంది. అది కావాలంటే బైట్‌వింగ్ తీయాలి. రూట్ కెనాల్ పొడవును కూడా దీని మీద కొలవలేదు, అపెక్స్ లొకేటర్‌తో కొలిచాం. ఆవిడ కేస్ షీట్‌లో "బైసెక్టింగ్, +25, కొరికే హోల్డర్, అంగిలి లోతు తక్కువ" అని రాసి ఉంచాం. ఆరు నెలల తర్వాత ఆ నల్లటి ప్రాంతం తగ్గిందో లేదో పోల్చాలంటే అప్పుడూ ఇదే యాంగిల్‌లో తీయాలి.